ఆస్ట్రేలియా ప్రొఫెసర్‌కి ఒక మెయిల్: మొదటి డ్రాఫ్ట్ నుంచి జవాబు దాకా

ఈ కేసులోని విద్యార్థిని తిరుపతిలో ఎమ్మెస్సీ అగ్రికల్చర్ చేసింది. సబ్జెక్టు క్రాప్ ఫిజియాలజీ. థీసిస్ వేరుశనగ మీద: నీటి ఎద్దడి వచ్చినప్పుడు ఏ రకం మొక్క ఆకు ఎలా తట్టుకుంటుంది అన్నది. విదేశాల్లో పీహెచ్‌డీ చేయాలనుకుంది. నా దగ్గరికి వచ్చేసరికే నలభై మందికి పైగా ప్రొఫెసర్లకి మెయిల్ పెట్టేసింది. ఇద్దరు మర్యాదగా ఖాళీలు లేవన్నారు. ఒకచోటి నుంచి సెలవులో ఉన్నామని ఆటోమేటిక్ రిప్లై వచ్చింది. మిగతా ఎవరూ ఉలకలేదు, పలకలేదు.

"నా మార్కులు సరిపోవా సార్?" అని అడిగింది. మార్కులు బాగానే ఉన్నాయి. కానీ ఆ నలభై మందిలో సీవీ తెరిచి మార్కుల దాకా వెళ్ళినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అన్నది నా అనుమానం. మెయిల్ మొదటి రెండు లైన్లలోనే ఆగిపోయే అవకాశం ఎక్కువగా కనిపించింది.

నేను ఇక్కడి పీజీ విద్యార్థులకి ఇలాంటి మెయిళ్ళు, దరఖాస్తుతో పాటు ఎందుకు చదవాలనుకుంటున్నారో చెప్తూ పెట్టే ఎస్‌ఓపీ వ్యాసాలు దిద్ది పెడుతుంటాను. ఆ అమ్మాయి ఒప్పుకున్నాకే, గుర్తుపట్టే వివరాలు తీసేసి, ఈ కేసు మొత్తం రాస్తున్నాను.

మొదటి మెయిల్‌లో ఏముంది

ఆ మెయిల్ ఇంగ్లీషులో ఉంది. దాని సారం ఇది. "గౌరవనీయులైన సర్ లేదా మేడమ్, నేను ఫలానా యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చేశాను. మీ ప్రతిష్ఠాత్మక సంస్థలో పరిశోధన చేయాలని నాకు ఎంతో ఆసక్తి. ఫలానా శీర్షికతో మీరు రాసిన పేపర్ చదివి ఎంతో ప్రభావితురాలినయ్యాను. నాకు ప్లాంట్ ఫిజియాలజీ, మాలిక్యులర్ బయాలజీ, బయోఇన్ఫర్మేటిక్స్, నేల శాస్త్రాల్లో ఆసక్తి ఉంది. చిత్తూరు జిల్లా రైతు కుటుంబం నుంచి వచ్చాను, రైతులకి సేవ చేయాలన్నది నా కల. మీ ల్యాబ్‌లో ఏదైనా అవకాశం ఉంటే దయచేసి తెలపండి. అడ్మిషన్ ప్రక్రియ గురించి కూడా వివరించగలరు."

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. ఆ అమ్మాయికి నిజంగానే ఆసక్తి ఉంది. వాళ్ళ నాన్న నిజంగానే వానాధారం మీద చెనక్కాయ వేస్తాడు. అయినా చదివేవాళ్ళకి ఇది వందల మందికి పంపిన మెయిల్‌లాగే కనిపిస్తుంది. దానికి కారణాలు కొన్ని పైకే కనిపిస్తాయి, ఒకటి లోపల ఉంది.

పైకి కనిపించేవి చిన్నవే, కానీ నిమిషంలో గుట్టు బయటపెడతాయి. పేపర్ శీర్షికని ప్రొఫెసర్ వెబ్ పేజీ నుంచి కాపీ చేసి పేస్ట్ చేయడం వల్ల ఆ ఒక్క లైను వేరే ఫాంట్‌లో, కాస్త పెద్ద సైజులో, బూడిద రంగులో ఉంది. రాసేటప్పుడు ఆమె దాన్ని గమనించలేదు. అవతలివాళ్ళకి మాత్రం "ఈ ఒక్క చోటే మార్చి పంపారు" అని ఆ లైనే చెప్పేస్తుంది. పేస్ట్ చేసేటప్పుడు `Ctrl+Shift+V` నొక్కితే ఫాంటు, రంగు రాకుండా అక్షరాలు మాత్రమే వస్తాయి.

సంబోధన దగ్గర ఇంకో చిక్కు. మన దగ్గర ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనక ఉంటుంది. ఇంగ్లీషు దేశాల్లో తిరగేసి రాస్తారు. కొన్ని మెయిళ్ళలో ఆమె సర్ లేదా మేడమ్ తీసేసి ప్రొఫెసర్ అని రాసి, పక్కన వాళ్ళ మొదటి పేరు పెట్టింది. ప్రొఫెసర్ తర్వాత ఇంటిపేరు రావాలి. చైనా, కొరియా వాళ్ళ పేర్లయితే ఇంకా జాగ్రత్త పడాలి, ఏది ఇంటిపేరో వాళ్ళ ల్యాబ్ పేజీలో చూసుకోవాలి. లేదంటే ప్రొఫెసర్ తర్వాత పూర్తి పేరు రాసేస్తే గొడవ ఉండదు.

లోపల ఉన్న కారణం వేరు. పేపర్ శీర్షిక రాసి "ప్రభావితురాలినయ్యాను" అనడం ఇప్పుడు ఆసక్తికి రుజువు కాదు. మూకుమ్మడిగా పంపేవాళ్ళూ అదే చేస్తున్నారు. శీర్షిక, అబ్‌స్ట్రాక్ట్‌లోంచి ఒక వాక్యం, రెండు పొగడ్తలు పెడుతున్నారు. పేపర్ తెరవకుండానే రాయగలిగిన వాక్యం ఎంత అందంగా ఉన్నా, పేపర్ తెరిచినట్టు నిరూపించదు.

నేను వాడే పరీక్ష ఒకటే. మెయిల్‌లో ప్రొఫెసర్ పేరు, పేపర్ పేరు చెరిపేసి, అదే రంగంలో ఇంకొకరి పేరు పెట్టి చదవాలి. అప్పుడూ మెయిల్ సాఫీగా నడిచిందంటే, అది ఒకరికి రాసిన మెయిల్ కాదు. ఆమె డ్రాఫ్ట్‌ని వేరుశనగ వదిలేసి వరి మీద పనిచేసే ప్రొఫెసర్ పేరుతో చదివి చూశాం. ఒక్క పదం కూడా మార్చాల్సిన అవసరం రాలేదు. ఆమెకి అక్కడే విషయం అర్థమైంది.

ఆమె చేతిలో ఏముందో వెతకడం

అందరూ ప్రొఫెసర్ పేపర్లు ముందేసుకుని మొదలుపెడతారు. నేను ముందు విద్యార్థి చేసిన పని గురించి అడుగుతాను. ఎందుకంటే పేపర్ చదివినప్పుడు ఏదో ఒకటి తగలాలంటే, తగలడానికి మన దగ్గర ఒకటి ఉండాలి.

థీసిస్ శీర్షిక పక్కనపెట్టి, పొలంలో ఏం చేశావో చెప్పమన్నాను. ముప్పై రకాల వేరుశనగని రబీలో వేశారు. వాటిలో తిరుపతి పరిశోధన స్థానం నుంచి వచ్చిన ధరణి, నారాయణి లాంటివి కూడా ఉన్నాయి. ఒక భాగానికి మామూలుగా తడి ఇచ్చారు, ఇంకో భాగానికి పూత, ఊడ దిగే సమయం నుంచి నీళ్ళు ఆపేశారు. అరవయ్యో రోజున, ఎనభయ్యో రోజున రెండు కొలతలు తీశారు. ఒకటి స్పాడ్ మీటర్ రీడింగ్. ఆకుని క్లిప్‌లో పెట్టి నొక్కితే పచ్చదనాన్ని ఒక అంకెగా చూపించే చిన్న పరికరం అది. రెండోది ఆకు మందం. ఆకు వైశాల్యం కొలిచి, ఎండబెట్టి తూచి, గ్రాముకి ఎన్ని చదరపు సెంటీమీటర్లో లెక్కకడతారు. ఆ అంకె తక్కువైతే ఆకు మందం అన్నట్టు. వేరుశనగలో మందపాటి, బాగా పచ్చటి ఆకున్న రకాలు తాగిన ప్రతి లీటరు నీటికీ ఎక్కువ ఎదుగుదల చూపిస్తాయన్నది ఈ రంగంలో ముప్పై ఏళ్ళకి పైగా తెలిసిన సంగతి. నీటి వాడకాన్ని నేరుగా కొలవడం కష్టం కాబట్టి, ఈ రెండు చవకైన కొలతలని దానికి గుర్తులుగా వాడతారు.

ఇదంతా థీసిస్‌లో ఉన్నదే. అప్పుడు అసలు ప్రశ్న అడిగాను. "నువ్వు అనుకున్నట్టు రానిది ఏదైనా ఉందా?"

కాసేపు ఆలోచించి చెప్పింది. "ఉంది సార్. అరవయ్యో రోజున రెండు కొలతలూ కలిసొచ్చాయి. ఎనభయ్యో రోజుకి ఒక రెండు రకాల్లో ఆకు మందంగానే ఉంది, స్పాడ్ మాత్రం పడిపోయింది. టిక్కా మచ్చలేమో అనుకుని, మచ్చలేని ఆకులే తీసుకుని మళ్ళీ చూశాను. అయినా పడిపోయింది. థీసిస్‌లో రాస్తే వైవాలో గుచ్చి గుచ్చి అడుగుతారని ఒక టేబుల్లో పెట్టి వదిలేశాం."

ఈ మెయిల్‌కి కావలసిన సరుకు అక్కడే దొరికింది. ప్రొఫెసర్లకి రాసేటప్పుడు విద్యార్థులు తమ పనిలో చక్కగా కుదిరినవాటినే ముందు పెడతారు. నా అనుభవంలో, కుదరని ఒక్క అంకె గురించి స్పష్టంగా రాసినవాళ్ళకే జవాబులు ఎక్కువ వస్తాయి. కుదరని అంకెని గమనించి, తెగులేమో అని సరిచూసుకుని, దాన్ని గుర్తుపెట్టుకున్న మనిషి పొలంలో నిజంగా పనిచేసిన మనిషి.

ఒక జాగ్రత్త. ఆ డేటా ఇంకా పేపర్‌గా రాలేదు, అందులో గైడ్‌కీ భాగం ఉంది. మెయిల్‌లో ఈ విషయం రాయడానికి గైడ్ అనుమతి తీసుకోమన్నాను. ఆయన సరేనన్నారు, అంకెలు మాత్రం ఇవ్వొద్దన్నారు. మెయిల్‌కి అంకెలు అక్కర్లేదు కూడా.

పేపర్‌ని ఎక్కడ చదవాలి

నలభై పేర్ల జాబితా పక్కనపెట్టి, పప్పుజాతి పంటల్లో నీటి ఎద్దడి మీద గత రెండు మూడేళ్ళలో పేపర్లు వేసినవాళ్ళని మాత్రమే చూశాం. గూగుల్ స్కాలర్‌లో ఏడాది వారీగా పెట్టి చూస్తే ఎవరు ఇంకా ఆ పనిలో ఉన్నారో, ఎవరు వేరే పంటకి మారిపోయారో తెలుస్తుంది. ల్యాబ్ పేజీలో కొత్త విద్యార్థుల కోసం ఏమైనా సూచనలు ఉన్నాయేమో చూశాం. కొందరు సబ్జెక్ట్ లైన్ ఎలా ఉండాలో, ఏం జతచేయాలో అక్కడే రాస్తారు. అది పాటించకపోతే మిగతా మెయిల్ ఎంత బాగున్నా దండగే. ఈ వడపోతలో నలుగురు మిగిలారు. మొదట ఆస్ట్రేలియాలోని ఒకరిని ఎంచుకున్నాం. అక్కడ చాలా యూనివర్సిటీల్లో పీహెచ్‌డీ దరఖాస్తుకి ముందే ఒక సూపర్‌వైజర్ ఒప్పుకోవాలి కాబట్టి, ఈ మెయిల్‌కి అక్కడ నేరుగా ప్రయోజనం ఉంది.

దేశాన్ని బట్టి ఇది మారుతుంది. అమెరికాలో బయాలజీ వైపు చాలా ప్రోగ్రాముల్లో సీటు ఇచ్చేది కమిటీ, ప్రొఫెసర్ ఒక్కరే ఇవ్వలేరు. అక్కడ "సీటు ఇస్తారా" అని కాక, "ఈ ఏడాది కొత్త విద్యార్థుల్ని తీసుకుంటున్నారా" అని అడగాలి. జర్మనీలో పీహెచ్‌డీ చాలావరకు ఉద్యోగ ప్రకటనగా వస్తుంది, ప్రకటన ఉంటే దాన్నే ప్రస్తావించి రాయాలి.

ఇక పేపర్. ఆమె అప్పటిదాకా అబ్‌స్ట్రాక్టు, ముగింపు చదివేది. అవి రచయితలు అందరికీ చెప్పాలనుకున్నవి, వాటి మీద ఎవరు రాసినా ఒకేలా ఉంటుంది. మెథడ్స్ భాగం చదవమన్నాను. తాను చేసిన పనితో పక్కపక్కన పెట్టి, ఎక్కడెక్కడ తేడా ఉందో కాగితం మీద రాయమన్నాను.

ఆ పేపర్‌లో మొక్కల్ని గ్లాస్‌హౌస్‌లో, కుండీల్లో పెంచారు. కుండీలని తూస్తూ నీటి వాడకం కొలిచారు. ఈమెది పొలం. వాళ్ళకి ఎద్దడి కొద్ది వారాలే, ఈమెకి కాయ ఊరే దాకా. ఇవి పెద్ద తేడాలే గానీ, ఎవరికైనా తట్టేవే. కుండీకి, పొలానికి తేడా ఉంటుందని ప్రొఫెసర్‌కి చెప్పనక్కర్లేదు.

మొదట ఆమె రాసిన ప్రశ్న, "మీరు స్పాడ్ రీడింగ్ ఏ ఆకు మీద తీశారు?" అని. చూడ్డానికి నిర్దిష్టమైన ప్రశ్నే. కానీ పేపర్‌తో పాటు ఉన్న సప్లిమెంటరీ ఫైల్ తెరిస్తే, ప్రధాన కాండం మీద పైనుంచి మూడో ఆకు అని అందులో ఉంది. ఆ ప్రశ్న వెళ్ళి ఉంటే, పేపర్ సగమే చదివిందని చాటింపు వేసినట్టయ్యేది. మెయిల్‌లో ప్రశ్న పెట్టేముందు దానికి జవాబు పేపర్‌లో, సప్లిమెంటరీలో, అదే ల్యాబ్ తర్వాతి పేపర్‌లో లేదని చూసుకోవాలి. ఈ మూడూ చూడటానికి ఆమెకి ఒక సాయంత్రం పట్టింది.

మెథడ్స్ మళ్ళీ చదువుతుంటే ఒక వాక్యం దగ్గర ఆగింది. కుండీలకి నిర్ణీత వ్యవధిలో నత్రజని ఉన్న పోషక ద్రావణం పోశారని ఉంది. "మేం విత్తేటప్పుడు వేసిన కాస్త నత్రజని తప్ప మళ్ళీ ఏమీ వేయలేదు సార్. మావి బుడిపెల మీదే బతికాయి" అంది.

అంతే, ముడి విడిపోయింది. స్పాడ్ చూపించేది పచ్చదనం, పచ్చదనం చాలావరకు ఆకులోని నత్రజనిని బట్టి ఉంటుంది. వేరుశనగ తనకి కావలసిన నత్రజనిలో పెద్ద భాగాన్ని వేరు బుడిపెల ద్వారా గాలి నుంచి తీసుకుంటుంది. నేల ఎండితే ఆ బుడిపెల పని మందగిస్తుంది. పైగా కాయ ఊరేటప్పుడు ఆకులోని నత్రజని గింజకి తరలిపోతుంది. ఈ రెండింటిలో ఏది జరిగినా ఆకు మందం అలాగే ఉండి, స్పాడ్ మాత్రం పడిపోవచ్చు. కుండీలో నత్రజని పోస్తూ ఉంటే మొదటి కారణం కనిపించే అవకాశమే తక్కువ. ఆమె టేబుల్లో దాచిపెట్టిన అంకె, ప్రొఫెసర్ మెథడ్స్‌లోని ఒక వాక్యం, రెండూ ఒకేచోట కలిశాయి. ఈ వాక్యాన్ని ఇంకో ప్రొఫెసర్‌కి పంపడం కుదరదు, ఇంకో విద్యార్థి రాయడమూ కుదరదు.

పంపిన మెయిల్

సబ్జెక్ట్ లైన్‌లో "పీహెచ్‌డీ విచారణ" అని, కోలన్ పెట్టి, "ఎద్దడిలో వేరుశనగ స్పాడ్, ఆకు మందం, నత్రజని" అన్న అర్థం వచ్చేలా రాశాం. చాలామంది "పీహెచ్‌డీ అవకాశం కోసం అభ్యర్థన" అని వదిలేస్తారు. పీహెచ్‌డీ అన్న మాట ఉండాలి, ఎందుకు రాశామో దాచకూడదు. దాని పక్కన పంట, కొలత ఉంటే తెరవాలా వద్దా అన్నది అవతలివాళ్ళు అక్కడే తేల్చుకుంటారు.

మెయిల్ ఇంగ్లీషులో రెండు వందల పదాల లోపే ఉంది. దాన్ని తెలుగులో చెప్తే ఇలా ఉంటుంది:

"ప్రొఫెసర్ (ఇంటిపేరు) గారికి,

వేరుశనగలో నీటి వినియోగ సామర్థ్యం మీద మీ ఇటీవలి పేపర్‌లో, ఎద్దడి సాగినంత కాలం స్పాడ్ రీడింగూ ఆకు మందమూ కలిసే నడిచాయి. తిరుపతిలో ముప్పై రకాలతో పొలంలో చేసిన నా ఎమ్మెస్సీ పనిలో అరవయ్యో రోజుకి అలాగే వచ్చింది. ఎనభయ్యో రోజుకి మాత్రం రెండు రకాల్లో ఆకు మందం మారకుండా స్పాడ్ పడిపోయింది. మచ్చ తెగులు లేని ఆకుల్లోనూ ఇదే కనిపించింది.

మీ కుండీలకి నత్రజని అందుతూ ఉంది. నా మొక్కలు ఎక్కువగా బుడిపెల మీద ఆధారపడ్డాయి. ఎద్దడిలో నత్రజని స్థిరీకరణ తగ్గడం వల్ల స్పాడ్ పడిందా, లేక కాయ ఊరేటప్పుడు నత్రజని తరలిపోవడం వల్లనా అన్నది నా డేటాతో తేల్చలేకపోతున్నాను. మీ తర్వాతి ప్రయోగాల్లో నత్రజని లేకుండా పెంచిన మొక్కలు ఏమైనా ఉన్నాయా?

నేను క్రాప్ ఫిజియాలజీలో ఎమ్మెస్సీ పూర్తిచేశాను. పొలం ప్రయోగాలు, స్పాడ్, ఆకు వైశాల్యం కొలతలు, ఆర్ సాఫ్ట్‌వేర్‌లో గణాంక విశ్లేషణ చేయగలను. ఐసోటోపు పని చేయలేదు.

వచ్చే ఏడాది మొదలయ్యేలా పీహెచ్‌డీకి దరఖాస్తు చేయాలనుకుంటున్నాను. మీ యూనివర్సిటీ అంతర్జాతీయ స్కాలర్‌షిప్ రౌండుకి దరఖాస్తు పెట్టే విద్యార్థిని సూపర్‌వైజ్ చేసే ఆలోచన మీకుందా? రెండు పేజీల సీవీ జతచేశాను."

కింద పూర్తి పేరు, డిగ్రీ, ఊరు. అంతే.

ఇందులో తీసేసినవాటి గురించి కాస్త చెప్పాలి. "ప్రతిష్ఠాత్మక" పోయింది, "ప్రభావితురాలినయ్యాను" పోయింది. ఇవి పోవడానికి ఆమె అభ్యంతరం చెప్పలేదు. రైతు కుటుంబం వాక్యం దగ్గర మాత్రం బాధపడింది. "అది నిజం కదా సార్, అందుకే కదా నేను ఈ సబ్జెక్టు తీసుకుంది" అంది. ఆ మాట నాకూ నచ్చింది. కానీ మెయిల్ చదివే మనిషి అప్పుడు తేల్చుకోవలసింది, ఈ అమ్మాయి తన ల్యాబ్‌లో పని చేయగలదా అని. ఆ నిర్ణయానికి ఆ వాక్యం సాయం చేయదు. ఎస్‌ఓపీలో దానికి చోటుంది. వాళ్ళ పొలంలో కాయ నిండే సమయానికే వాన మొహం చాటేసిన సంగతితో సహా అక్కడ ఒక పేరా నిండా రాసింది.

"ఐసోటోపు పని చేయలేదు" అన్న వాక్యం పెట్టడానికి ఆమె జంకింది. ఆ ల్యాబ్ పేపర్లలో కార్బన్ ఐసోటోపు కొలతలు తరచుగా కనిపిస్తాయి. వచ్చో రాదో తెలియకుండా వాళ్ళని ఊహించుకోనివ్వడం కంటే, రాదని ఒక్క ముక్కలో చెప్పడం మేలు. నాలుగు చేయగలను అన్న తర్వాత ఒకటి చేయలేదు అంటే, ముందు చెప్పిన నాలుగూ నమ్మేలా ఉంటాయి.

ఒకే ఒక్క విజ్ఞాన ప్రశ్న, ఒకే ఒక్క అభ్యర్థన. రెండింటికీ అవునో కాదో ఒక లైన్లో జవాబివ్వొచ్చు. అడ్మిషన్ ప్రక్రియ వివరించమనడం తీసేశాం, అది యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో ఉంటుంది. స్కాలర్‌షిప్ మాట కావాలనే పెట్టాం. అక్కడ అంతర్జాతీయ విద్యార్థులకి ప్రభుత్వ రీసెర్చ్ ట్రైనింగ్ ప్రోగ్రామ్ స్కాలర్‌షిప్పులని యూనివర్సిటీలే రౌండ్లుగా, పోటీ మీద ఇస్తాయి. "మీ దగ్గర డబ్బుందా" అని అడిగితే చాలామంది ప్రొఫెసర్లు లేదనే చెప్పాలి. "రౌండుకి పెట్టుకునే విద్యార్థిని తీసుకుంటారా" అంటే, వాళ్ళకి అవుననడానికి దారి ఉంటుంది.

సీవీ అంతకుముందు ఆరు పేజీలు. పుట్టిన తేదీ, తండ్రి పేరు, పాస్‌పోర్ట్ నంబరు, స్కూల్లో వచ్చిన వ్యాసరచన బహుమతి అన్నీ ఉన్నాయి. ఫైల్ పేరు `CV_final_new2.pdf`. రెండు పేజీలకి తగ్గించి, థీసిస్ పనిని పైకి తెచ్చి, ఫైల్‌కి ఆమె ఇంటిపేరు పెట్టాం. పాస్‌పోర్ట్‌లో పేరు ఎలా ఉందో సీవీలో, మెయిల్‌లో కూడా అలాగే ఉండేలా చూశాం. మూడు చోట్ల మూడు రకాలుగా ఉంటే తర్వాత దరఖాస్తు దగ్గర తలనొప్పి.

ఎప్పుడు పంపాలన్నది అంత పెద్ద విషయం కాదు. ఆస్ట్రేలియా తూర్పు తీరం మనకంటే నాలుగున్నర గంటలు ముందుంటుంది, వేసవిలో గడియారం జరిపే రాష్ట్రాలైతే ఐదున్నర. వాళ్ళ పొద్దుటి వేళకి చేరేలా జీమెయిల్‌లో షెడ్యూల్ చేసింది. డిసెంబరు మధ్య నుంచి జనవరి దాకా వాళ్ళకి క్రిస్మస్, వేసవి సెలవులు, ఆ రోజుల్లో పంపకపోతే చాలు.

జవాబు, ఆ తర్వాత

అదే వారంలో జవాబు వచ్చింది. నాలుగు లైన్లు. నత్రజని లేకుండా పెంచిన మొక్కలు లేవని, కాబట్టి ఆ తేడాని తమ డేటా నుంచి చెప్పలేమని రాశారు. చివర ఒక ప్రశ్న: "ఎనభయ్యో రోజున బుడిపెలు లెక్కపెట్టారా?"

ఆమెకి టెన్షన్ పట్టుకుంది. లెక్కపెట్టలేదు. థీసిస్ ఫొటోల్లో పీకిన మొక్కలు కొన్ని ఉన్నాయి, వాటి నుంచి ఏదైనా చెప్పొచ్చా అని అడిగింది. వద్దన్నాను. ఫొటోలో మట్టి అంటిన వేళ్ళ నుంచి బుడిపెలు లెక్కపెట్టడం కుదిరే పని కాదు, లెక్కపెట్టినా అవి పని చేస్తున్నాయో లేదో తెలియదు. బుడిపెని కోస్తే లోపల గులాబీ రంగు ఉంటేనే అది నత్రజనిని పట్టుకుంటున్నట్టు. ఆమె నిజమే రాసింది. లెక్కపెట్టలేదని, మళ్ళీ చేస్తే నీళ్ళు ఆపిన ప్లాట్లలో రెండు దశల్లోనూ మొక్కలు పీకి, బుడిపెలు కోసి లోపలి రంగు చూసి, ఎండబెట్టి తూస్తానని మూడు వాక్యాల్లో జవాబిచ్చింది.

మర్నాడే వీడియో కాల్‌కి పిలిచారు. కాల్‌లో ఆయన సగం సేపు మాట్లాడింది ఆ బుడిపెల ప్రయోగాన్ని ఎలా కడితే బాగుంటుందన్న దాని మీదే. తర్వాత సూపర్‌వైజ్ చేయడానికి ఒప్పుకుంటూ మెయిల్ పెట్టారు, ఆమె దరఖాస్తు పెట్టింది. మొదటి రౌండులో సీటు వచ్చింది, స్కాలర్‌షిప్ రాలేదు. ఆ రౌండులో నెగ్గాలంటే ప్రచురించిన పేపర్లు బాగా పనికొస్తాయి, ఆమెకి అప్పటికి ఒక్కటీ లేదు. ఎంత మంచి మెయిల్ అయినా ఆ లోటు పూడ్చలేదు. సొంత డబ్బుతో వెళ్ళే స్తోమత లేక సీటుని తర్వాతి రౌండుకి వాయిదా వేయించుకుంది. ఇప్పుడు ఆ టేబుల్లో పెట్టి వదిలేసిన అంకెల మీదే గైడ్‌తో కలిసి పేపర్ రాస్తోంది.

జాబితాలో మిగిలిన ముగ్గురికీ కూడా రాసింది. ఒకరు వెంటనే జవాబిచ్చారు, రెండేళ్ళలో రిటైర్ అవుతున్నానని, కొత్త విద్యార్థుల్ని తీసుకోవడం లేదని. ఆ సంగతి ల్యాబ్ పేజీలో లేదు, తెలిసే దారీ లేదు. ఇంకొకరు పలకలేదు. రెండు వారాలు ఆగి, అదే మెయిల్ కింద రిప్లైగా ఒక చిన్న మెయిల్ పెట్టించాను. "నా మెయిల్ చూశారా" అని గుర్తుచేయడం కాకుండా, ఈలోగా గైడ్‌తో కలిసి పేపర్ మొదలుపెట్టామని, అందులో ఏ ప్రశ్న చూస్తున్నామో రెండు వాక్యాల్లో చెప్పింది. దానికీ జవాబు లేదు. ఇక వదిలేయమన్నాను. మూడోసారి రాస్తే ఆసక్తి అనిపించుకోదు, వెంటపడటం అవుతుంది.

నాలుగో మెయిల్ దగ్గర ఆమె ఒక తెలివైన ప్రశ్న వేసింది. "ప్రతిసారీ మొత్తం కొత్తగా రాయాలా సార్?" అక్కర్లేదు. తన గురించి రాసిన పేరా, సీవీ, చివరి అభ్యర్థన అలాగే ఉంచుకోవచ్చు, వాటిలో దేశాన్ని బట్టి మారేవి మాత్రం మార్చాలి. మొదటి రెండు పేరాలు మాత్రం ఆ ప్రొఫెసర్ మెథడ్స్ చదివాకే పుట్టాలి. నాలుగో ప్రొఫెసర్ శనగ మీద, వేళ్ళ లోతు మీద పనిచేస్తారు. స్పాడ్ ప్రశ్నని అక్కడికి ఈడ్చుకెళ్ళాలని చూస్తే అతకలేదు. ఆమె పేపర్ రెండుసార్లు చదివి, ఆయన వేళ్ళు కొలిచిన లోతుకీ, తన పొలంలో గట్టి పొర తగిలిన లోతుకీ పొంతన కుదరడం లేదని గమనించి, దాని మీద రాసింది. దానికి ఒక సాయంత్రం సరిపోలేదు, వారాంతం మొత్తం పట్టింది. నలభై మెయిళ్ళు పంపడానికి ఆమెకి మొదట పట్టిన సమయం కూడా దాదాపు అంతే.